పన్నెండు లక్షల ఆఫర్ లెటర్: సీటీసీని విప్పి చూడటం ఎలా

ఆఫర్ లెటర్ మొదటి పేజీలో లావుపాటి అక్షరాలతో ఉండే అంకెను సీటీసీ అంటారు. మీ మీద కంపెనీ ఒక ఏడాదిలో పెట్టబోయే ఖర్చు మొత్తం అది. ఆ ఖర్చులో కొంత నెలనెలా మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది, కొంత ఎప్పుడో వస్తుంది, కొంత వస్తే వస్తుంది లేకపోతే లేదు, కొంత అసలు మీ ఖాతా ముఖమే చూడదు. ఈ నాలుగు రకాలనూ ఒకే వరుసలో కూడి పెద్ద అంకెగా చూపించడంలోనే సీటీసీ చమత్కారం ఉంది. అందులో అబద్ధం ఉండదు, కానీ ఇంటి అద్దె, ఈఎంఐ లెక్కలు వేసుకోవడానికి ఆ అంకె పనికిరాదు.

ఒక ఆఫర్‌ను ముందు పెట్టుకుని విప్పుదాం. సీటీసీ ఏడాదికి 12,00,000 రూపాయలు. ఉద్యోగం హైదరాబాదులో, ఆదాయపు పన్ను కొత్త విధానంలో అనుకుందాం.

మొదటి అడుగు: అనుబంధం పేజీ తెప్పించుకోండి

వివరాలు సాధారణంగా ఆఫర్ లెటర్ చివర అనెక్సర్ పేరుతో ఉంటాయి. కొన్ని కంపెనీలు మొదట ఈమెయిల్‌లో సీటీసీ ఒక్కటే రాసి, వివరాలు చేరిన తర్వాత ఇస్తామంటాయి. ఆ మాటకు తల ఊపకండి. విడివిడి అంకెలు లేనిదే సంతకం పెట్టడమంటే ధర మాత్రమే చూసి సరుకు చూడకుండా కొనడమే. మన ఆఫర్ అనుబంధం ఇలా ఉంది:

| అంశం | ఏడాదికి (రూ.) | నెలకు (రూ.) |
|---|---|---|
| బేసిక్ | 6,00,000 | 50,000 |
| ఇంటి అద్దె భత్యం | 2,40,000 | 20,000 |
| స్పెషల్ అలవెన్స్ | 1,24,140 | 10,345 |
| పీఎఫ్, కంపెనీ వాటా | 72,000 | 6,000 |
| గ్రాట్యుటీ | 28,860 | 2,405 |
| ఆరోగ్య బీమా ప్రీమియం | 15,000 | 1,250 |
| వేరియబుల్ పే | 1,20,000 | 10,000 |
| సీటీసీ | 12,00,000 | 1,00,000 |

చివరి వరుసలో నెలకు లక్ష అని కనిపిస్తోంది. ఆ లక్ష ఏ నెలలోనూ రాదు.

బేసిక్ సరిగ్గా సగం ఉండటం యాదృచ్ఛికం కాదు. ఇదివరకు బేసిక్‌ను ముప్పై, ముప్పై అయిదు శాతానికి కుదించి మిగతాదంతా అలవెన్సుల్లో పెట్టేవారు. అలా చేస్తే కంపెనీకి పీఎఫ్, గ్రాట్యుటీ భారం తగ్గుతుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో వేతనానికి ఒకే నిర్వచనం ఇచ్చారు. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత భాగాన్ని కూడా వేతనంగానే లెక్కించాలి. అందుకని ఇప్పుడు వచ్చే ఆఫర్లలో బేసిక్ సగం దగ్గరకు చేరుతోంది. మీ ఆఫర్‌లో ఇంకా బాగా తక్కువగా ఉంటే, గ్రాట్యుటీని ఏ అంకె మీద లెక్కిస్తున్నారో అడిగి తెలుసుకోండి.

రెండో అడుగు: చేతికందే జీతం తేల్చండి

పై పట్టికలో మొదటి మూడు వరుసలే స్థిర వేతనం. బేసిక్, అద్దె భత్యం, స్పెషల్ అలవెన్స్ కలిపితే నెలకు 80,345. పే స్లిప్‌లో స్థూల జీతంగా కనిపించేది ఇదే.

ఇందులోంచి మళ్లీ కోతలు ఉంటాయి. పీఎఫ్‌లో మీ వాటా బేసిక్ మీద 12 శాతం, అంటే 6,000. కంపెనీ వాటా వేరు, మీ వాటా వేరు అన్న సంగతి చాలామంది ఇక్కడే మరిచిపోతారు. కంపెనీ వాటా సీటీసీలోంచి ముందే వెళ్లిపోయింది, మీ వాటా ఇప్పుడు స్థూల జీతంలోంచి వెళ్తుంది. ఆ తర్వాత వృత్తి పన్ను. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ నెల జీతం 20,000 దాటితే 200 కడతాం.

ఆదాయపు పన్ను ఈ స్థాయిలో ఉండదు. స్థిర వేతనం ఏడాదికి 9,64,140. వేరియబుల్ పూర్తిగా వచ్చినా 10,84,140. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 10,09,140 మిగులుతుంది. 2025-26 నుంచి పన్ను విధించదగ్గ ఆదాయం 12 లక్షల లోపు ఉంటే రిబేటు వల్ల పన్ను సున్నా అవుతుంది.

కాబట్టి 80,345లోంచి 6,000, 200 తీసేస్తే 74,145. నెలాఖరున బ్యాంకు నుంచి వచ్చే సందేశంలో మీరు చూసేది ఈ అంకె.

లక్షకూ దీనికీ మధ్య 25,855 రూపాయల తేడా ఉంది. ఆ తేడా అంతా ఎటు పోయిందో రూపాయితో సహా లెక్క తేలాలి: వేరియబుల్ 10,000, పీఎఫ్ కంపెనీ వాటా 6,000, మీ వాటా 6,000, గ్రాట్యుటీ 2,405, బీమా 1,250, వృత్తి పన్ను 200. మీ సొంత ఆఫర్‌తో ఈ కూడిక చేసినప్పుడు ఎక్కడైనా తేలకపోతే, అనుబంధంలో ఏదో అంశం మీ కంట పడలేదన్నమాట. క్యాబ్, భోజనం, ఒక్కసారి ఇచ్చే జాయినింగ్ బోనస్ లాంటివి సీటీసీలో కలిపేసి ఉండవచ్చు. జాయినింగ్ బోనస్ రెండో ఏడాది ఉండదు. ఏడాది తిరక్కుండా మానేస్తే వెనక్కి కట్టమనే షరతు కూడా దానికి సాధారణంగా ఉంటుంది.

మూడో అడుగు: పీఎఫ్‌ను విడదీయండి

దాచి ఉంచిన సొమ్ములో నిజంగా మీదయ్యేది పీఎఫ్. అందుకే దీన్ని పోయిన డబ్బుగా లెక్కించడం తప్పు. నెలకు రెండు వాటాలూ కలిపి 12,000 మీ పేరున జమ అవుతోంది. 2024-25కు దీనిపై వడ్డీ 8.25 శాతం.

అయితే కంపెనీ కట్టే 6,000 అంతా పీఎఫ్ ఖాతాలో పడకపోవచ్చు. కంపెనీ వాటాలోంచి, వేతనం మీద 8.33 శాతం పింఛను పథకానికి మళ్లుతుంది. దీనికి వేతన పరిమితి 15,000 కాబట్టి, మీ బేసిక్ ఎంతున్నా నెలకు 1,250 మించదు. మిగిలిన 4,750 మాత్రమే పీఎఫ్‌లో చేరుతుంది. పింఛను భాగానికి వడ్డీ జమ కాదు. పదేళ్ల సర్వీసు పూర్తయితే 58 ఏళ్లు నిండాక పింఛను వస్తుంది. పదేళ్లు నిండకుండా బయటికి వచ్చి తీసుకుంటే, కట్టింది కట్టినట్టు కాకుండా సర్వీసు కాలాన్ని బట్టి పట్టిక ప్రకారం లెక్కగట్టి ఇస్తారు.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది, పేరోల్ విభాగాలు కూడా తరచూ పొరబడేది దీని దగ్గరే. 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, అప్పటికే వేతనం 15,000 దాటినవారు పింఛను పథకంలో సభ్యులు కాలేరు. వారికి కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌లోనే పడాలి. సరిచూసుకోవడం సులువు. ఈపీఎఫ్‌ఓ పాస్‌బుక్‌లో ఉద్యోగి వాటా, యజమాని వాటా, పింఛను అని మూడు వరుసలు విడిగా ఉంటాయి. మీరు ఈ కోవలోకి వచ్చి కూడా పింఛను వరుసలో 1,250 కనిపిస్తుంటే, మొదటి రెండు మూడు నెలల్లోనే హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. ఏళ్లు గడిచాక సరిదిద్దించుకోవడం పెద్ద తలనొప్పి.

రెండో సంగతి, పూర్తి బేసిక్ మీద పీఎఫ్ కట్టాలన్న నిర్బంధం కంపెనీకి లేదు. చట్టప్రకారం 15,000 మీద 12 శాతం, అంటే 1,800 కడితే చాలు. చాలా కంపెనీలు చేరేటప్పుడు ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటాయి. 1,800 ఎంచుకుంటే మిగిలిన 4,200 స్పెషల్ అలవెన్స్‌లోకి రావాలి. వస్తుందో లేదో అనుబంధంలో చూడండి, ఎందుకంటే సీటీసీ మారకూడదు. చేతికందే జీతం అప్పుడు 8,400 పెరుగుతుంది, భవిష్యత్తు కోసం దాచేది అంతే తగ్గుతుంది. పన్ను పడే స్థాయి జీతమైతే ఇంకో చిక్కు ఉంది. కొత్త విధానంలోనూ పీఎఫ్‌లో కంపెనీ వాటాకు, పరిమితికి లోబడి, పన్ను లేదు. అదే డబ్బు అలవెన్స్‌గా వస్తే పన్ను పడుతుంది. చేతిలో డబ్బు నిలవని స్వభావం ఉన్నవారికి నేనైతే పూర్తి బేసిక్ మీద కట్టడమే మేలంటాను.

పే స్లిప్ మొదటిసారి చేతికొచ్చినప్పుడు కోతల వైపు పీఎఫ్ ఎన్నిసార్లు ఉందో చూడండి. కొన్ని సంస్థలు కంపెనీ వాటాను ముందు ఆదాయం వైపు చేర్చి, తర్వాత కోతల్లో రెండు వాటాలూ చూపిస్తాయి. అనుబంధంతో పోల్చినప్పుడు స్థూల జీతం 80,345కు బదులు 86,345 ఉంటే అది చూపించే తీరులో తేడా మాత్రమే. స్థూల జీతం 80,345 ఉండి కూడా పీఎఫ్ రెండుసార్లు కోశారంటే అది తప్పు. యజమాని వాటాను ఉద్యోగి వేతనంలోంచి కోయడం పీఎఫ్ నిబంధనలకు విరుద్ధం.

నాలుగో అడుగు: గ్రాట్యుటీ వరుసను కొట్టేయండి

ఇది కాస్త కటువుగా అనిపించవచ్చు కానీ, ఆఫర్లు పోల్చేటప్పుడు గ్రాట్యుటీ వరుసను సున్నాగా వేసుకోవడమే సరైన పద్ధతి.

పట్టికలోని 28,860 అంటే బేసిక్‌లో 4.81 శాతం. ముందు ఆ 4.81 శాతం ఎక్కడిదో చూద్దాం. పూర్తి చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం గ్రాట్యుటీ. నెలకు 26 పని దినాలుగా లెక్క. అంటే ఏడాదికి, నెల బేసిక్‌ను 26 భాగాలు చేస్తే అందులో 15 భాగాలు. దాన్ని ఏడాది బేసిక్‌తో భాగిస్తే 4.81 శాతం వస్తుంది. 50,000 బేసిక్ మీద ఇది ఏడాదికి సుమారు 28,850.

మామూలు శాశ్వత ఉద్యోగికి ఇది దక్కాలంటే అయిదేళ్లు నిరంతర సర్వీసు ఉండాలి. మరణించినా, అంగవైకల్యం వచ్చినా ఆ షరతు వర్తించదు. నిర్ణీత కాలపరిమితి ఒప్పందం మీద చేరినవారికి లేబర్ కోడ్‌ల కింద ఏడాది చాలు. అయిదో ఏట 240 రోజులు పనిచేస్తే ఆ ఏడు పూర్తయినట్టేనని మద్రాసు హైకోర్టు తీర్పు ఉంది, కానీ అన్ని కంపెనీలూ దాన్ని తమంతట తాము పాటిస్తాయని నమ్మి రాజీనామా తేదీ పెట్టుకోకండి. ముందు హెచ్ఆర్ నుంచి రాతలో తీసుకోండి.

మూడేళ్లకు ఉద్యోగం మారారనుకుందాం. సీటీసీలో మూడేళ్లూ లెక్కలోకి వచ్చిన 86,580 రూపాయలు మీకు రావు. అది మీ జీతంలో భాగమని ఏటా కాగితం మీద చూపించారు, అంతే. అయిదేళ్లు ఉంటే 50,000ను 15తో గుణించి, 26తో భాగించి, అయిదుతో గుణిస్తే 1,44,231 వస్తుంది. లెక్క చివరి నెల వేతనం మీద జరుగుతుంది కాబట్టి ఈలోపు బేసిక్ పెరిగితే మొత్తం ఇంకా పెరుగుతుంది. 20 లక్షల వరకు దీనికి పన్ను లేదు.

సున్నాగా ఎందుకు వేయమన్నానంటే, పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న సంస్థ గ్రాట్యుటీ చట్టప్రకారం ఇచ్చి తీరాలి. సీటీసీలో రాసినా ఇవ్వాలి, రాయకపోయినా ఇవ్వాలి. రాసిన కంపెనీ మీకు అదనంగా ఇస్తున్నది ఏమీ లేదు, తన అంకె పెంచుకుంది. హెచ్ఆర్‌తో ఈ మాట మాట్లాడితే “మా దగ్గర అందరికీ ఇదే పద్ధతండి” అంటారు. నిజమే కావచ్చు. అప్పుడు మీరు అడగాల్సింది గ్రాట్యుటీ తీసేయమని కాదు, ఆ 28,860ని స్థిర వేతనంలో ఎలా సర్దుతారని.

అయిదో అడుగు: వేరియబుల్‌కు షరతులు చదవండి

1,20,000 అన్నది లక్ష్యం పూర్తిగా నెరవేరితే వచ్చే మొత్తం. అసలు చెల్లింపు సాధారణంగా రెండు గుణకాల మీద ఆధారపడుతుంది. ఒకటి కంపెనీ ఫలితం, రెండోది మీ పనితీరు. ఇవి కూడికలు కావు, గుణకారాలు. కంపెనీ 80 శాతం, మీరు 90 శాతం సాధించారనుకోండి. వినడానికి రెండూ బాగున్నాయి, గుణిస్తే 72 శాతం. చేతికి వచ్చేది 86,400.

షరతుల్లో మూడు వాక్యాల కోసం వెతకండి. చెల్లింపు తేదీన ఉద్యోగంలో ఉండాలన్నది మొదటిది. ఏప్రిల్‌తో మొదలయ్యే ఏడాదికి వేరియబుల్ మరుసటి జూన్‌లో ఇస్తారనుకుంటే, మే నెలలో వెళ్లిపోయినవారికి పన్నెండు నెలల పని చేసినా ఏమీ రాదు. నోటీసు కాలంలో ఉన్నవారికి ఇవ్వబోమని కొన్ని చోట్ల ఇంకా గట్టిగా రాస్తారు. ప్రొబేషన్ నెలలు లెక్కలోకి రావన్నది రెండోది. యాజమాన్యం విచక్షణ మేరకు అన్నది మూడోది, ఇది ఉంటే మిగతా షరతులు ఎంత స్పష్టంగా ఉన్నా గట్టి హామీ లేనట్టే.

హెచ్ఆర్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ స్థాయి ఉద్యోగులకు గత మూడేళ్లలో సగటున ఎంత శాతం చెల్లించారు? అంకె చెప్పగలిగితే దాన్ని వాడండి. “బాగానే వస్తుందండి” అన్న జవాబు వస్తే నేను సగమే లెక్కలో వేస్తాను. అదే సంస్థలో పనిచేసేవారు తెలిసుంటే వారి మాట ఇంకా నమ్మదగ్గది.

ఆరో అడుగు: రెండు ఆఫర్లను ఒకే కొలతకు తెండి

మన చేతిలో రెండో ఆఫర్ ఉంది. సీటీసీ 11,00,000. వేరియబుల్ లేదు. పీఎఫ్ 15,000 పరిమితి మీదే, అంటే కంపెనీ వాటా నెలకు 1,800. గ్రాట్యుటీ, అదే స్థాయి ఆరోగ్య బీమా సీటీసీకి వెలుపల.

చూడగానే లక్ష రూపాయలు తక్కువ. విప్పితే స్థూల జీతం నెలకు 89,866. మీ పీఎఫ్ వాటా 1,800, వృత్తి పన్ను 200 పోగా చేతికి 87,866. మొదటి ఆఫర్ కంటే నెలకు 13,721 ఎక్కువ.

ఇక్కడితో ఆగితే మొదటి ఆఫర్‌కు అన్యాయం చేసినట్టే, ఎందుకంటే అందులో పీఎఫ్ పొదుపు ఎక్కువ. కాబట్టి చేతికందేదానికి రెండు పీఎఫ్ వాటాలనూ కలపాలి. మొదటి ఆఫర్‌లో 74,145కు 12,000 కలిపితే 86,145. రెండో దాంట్లో 87,866కు 3,600 కలిపితే 91,466. ఇప్పుడు తేడా 5,321కి తగ్గింది, కానీ రెండోదే పైన ఉంది.

మిగిలింది మొదటి ఆఫర్‌లోని వేరియబుల్. 5,321ని పన్నెండుతో గుణిస్తే 63,852. లక్షా ఇరవై వేలలో ఇది 53 శాతం. మొదటి కంపెనీ వేరియబుల్‌ను 53 శాతానికి మించి చెల్లిస్తేనే పన్నెండు లక్షల ఆఫర్ పదకొండు లక్షల ఆఫర్‌ను దాటుతుంది. పూర్తిగా ఇస్తే నెలకు 4,679 చొప్పున ముందుంటుంది. ఇక గత మూడేళ్ల చెల్లింపు శాతం అడగడం ఎందుకో చెప్పనక్కర్లేదు, నిర్ణయమంతా ఆ ఒక్క అంకె చుట్టూ తిరుగుతోంది.

ఏడో అడుగు: ఇంక్రిమెంట్ లెటర్‌కూ ఇదే లెక్క

మొదటి ఆఫర్ తీసుకుని ఏడాది పనిచేశారు. పది శాతం పెంపు వచ్చింది. సీటీసీ 13,20,000. లెటర్‌లో చిన్న మార్పు ఒకటి ఉంది, మీ కొత్త స్థాయిలో వేరియబుల్ 10 శాతం కాదు, 15 శాతం.

అంటే వేరియబుల్ 1,98,000. బేసిక్ 6,60,000 అయింది కాబట్టి పీఎఫ్ కంపెనీ వాటా 79,200, గ్రాట్యుటీ 31,746. బీమా అలాగే 15,000. ఇవన్నీ తీసేస్తే స్థిర వేతనం 9,96,054, నెలకు 83,004. మీ పీఎఫ్ వాటా 6,600, వృత్తి పన్ను 200 పోగా చేతికందేది 76,204.

పెంపుకు ముందు 74,145 వచ్చేది. సీటీసీ లక్షా ఇరవై వేలు పెరిగితే నెలకు చేతికి పెరిగింది 2,059 రూపాయలు, మూడు శాతం కూడా కాదు. పెంపు శాతం గురించి మాట్లాడేటప్పుడు అది సీటీసీ మీదా, స్థిర వేతనం మీదా అని ముందే అడగండి. స్థాయి మారుతున్నప్పుడు వేరియబుల్ నిష్పత్తి ఎంత ఉంటుందో కూడా సంతకానికి ముందే రాతలో తీసుకోండి. లెటర్ చేతికొచ్చాక ఆ నిష్పత్తి మారదు, ఎందుకంటే ఆ స్థాయిలో ఉన్న అందరికీ అదే ఉంటుంది. బేరమాడటానికి వీలున్నది స్థిర వేతనం దగ్గరే.